పిస్తా గోడ, బ్రౌన్ మంచం: పెయింట్ ముట్టుకోకుండా బెడ్‌షీట్, గలీబులతో గదికి తేటదనం

ప్రశ్న: "మాది విశాఖ సీతమ్మధారలో అద్దె ఫ్లాట్. బెడ్‌రూమ్ గోడలు పిస్తా గ్రీన్, ఓనర్ గారు రంగు మార్చనివ్వరు. మంచం ముదురు బ్రౌన్, కర్టెన్లు నేవీ బ్లూ. గది పది బై పదకొండు, ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు. గదిలోకి వెళ్తే హాస్పిటల్ వార్డులా ఉంటోంది. మెరూన్ బెడ్‌షీట్ వేసి చూశాను, ఇంకా బరువుగా తయారైంది. మూడు వేల లోపు బెడ్‌షీట్, దిండ్ల రంగులు మార్చి గదిని తేటగా చేయొచ్చా? ఏ రంగులు కొనమంటారు?"

చేయొచ్చండి. డాబాగార్డెన్స్‌లో ఒక ఫర్నిషింగ్ షాపులో 19 ఏళ్లు బెడ్‌షీట్ల కౌంటర్‌లో పనిచేశాను. ఇప్పుడు ఇంటి దగ్గరే దిండు గలీబులు, కర్టెన్లు కుట్టి ఇస్తున్నాను. అద్దె ఇంటి పిస్తా గోడ, బ్రౌన్ మంచం అనే మాట వారానికి ఒకసారైనా వింటాను. కొనాల్సిన రంగుల పేర్లు వెంటనే చెప్పేయగలను. కానీ మెరూన్ ఎందుకు దెబ్బతీసిందో తెలియకపోతే షాపులో ఇంకో యాభై షీట్లు విప్పి చూపించేసరికి మళ్లీ అలాంటిదే చేతికొస్తుంది. అందుకని ముందు అది చెప్తాను.

ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే ఆకుపచ్చ మరింత పచ్చగా కనిపిస్తుంది. మీ మెరూన్ షీటునే కాసేపు ఒక అరనిమిషం కన్నార్పకుండా చూసి, వెంటనే తెల్ల కాగితం మీదకి చూపు తిప్పండి. కాగితం మీద లేత పచ్చ నీడ తేలుతుంది. ఎరుపు చూసి అలసిన కన్ను పక్కనున్న దానికి తనే పచ్చదనం కలుపుతుంది. గోడ అప్పటికే పచ్చ కాబట్టి ఇంకాస్త ఘాటెక్కుతుంది. అంటే మీరు కప్పిపుచ్చాలనుకున్న రంగునే మెరూన్ పైకి తెచ్చింది. పైగా మెరూన్, ముదురు బ్రౌన్ రెండూ చీకటి రంగులే. మంచం, షీటు కలిసి ఒకే పెద్ద నల్లటి దిమ్మలా కనబడతాయి. మంచం క్వీన్ సైజు అనుకుంటే ఐదు అడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు, అంటే ముప్పై రెండున్నర చదరపు అడుగులు. మీ గది నేల మొత్తం 110. దాదాపు మూడో వంతు నేల మీద చీకటి పరిచినట్టు లెక్క. ఉత్తరం కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురునీ అదే మింగేసింది.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో గోబెలిన్ తివాచీల అద్దకశాలలో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవారు. అక్కడ అద్దిన నలుపులో పస లేదని నేతగాళ్లు ఫిర్యాదు చేశారు. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ దొరకలేదు, ఆ నలుపు పక్కన నేసిన రంగులే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. పక్క రంగుల ప్రభావం మీద 1839లో ఆయన పెద్ద పుస్తకమే వేశారు. మన ఇళ్లలో పట్టుచీర పక్కన అంచు రంగు చూసి కొనేది ఇదే లెక్కతో. చీరకి ఇచ్చే ఆ శ్రద్ధ మంచానికి కూడా ఇవ్వాలి.

అయితే గోడ పచ్చదే కదా అని పచ్చ షీటు వేయొచ్చా? ఆ పొరపాటు నేనే చేశాను. ఎంవీపీ కాలనీలో అద్దెకున్నప్పుడు మా గోడలూ పిస్తావే. మ్యాచింగ్ అవుతుందని చిలకపచ్చ షీటు తెచ్చి వేశాను. షాపులో ఎంతో బాగున్న షీటు గోడ పక్కన పసుపుపచ్చగా, గోడేమో నీలిపచ్చగా కనిపించాయి. రెండు పచ్చలూ కాస్త దగ్గరగా ఉండి పూర్తిగా కలవకపోతే కలపబోయి తప్పిపోయినట్టే ఉంటుంది. గోడ రంగులోనే షీటు వేయాలనుకుంటే గోడకంటే బాగా ముదురు ఆకుపచ్చ అయినా ఉండాలి, లేదా ఆ ఆలోచన మానుకోవాలి. చిన్న గదిలో ముదురు వద్దనుకున్నాం కాబట్టి మీకు రెండోదే సరి.

ఇప్పుడు అసలు పని. ఒక తెల్ల ఏ4 కాగితం తీసుకుని, పొద్దున పదింటికి లైటు ఆపి, కిటికీ తెరిచి గోడకి ఆనించి పట్టుకోండి. కాగితం పక్కన గోడ కాస్త పసుపు తిరిగినట్టుందా, నీలం తిరిగినట్టుందా చూడండి. పిస్తా అని మనం అనే రంగులో ఈ రెండు రకాలూ ఉన్నాయి, ఉత్తగా చూస్తే తేడా తెలియదు. కాగితం పెడితే తేలిపోతుంది. తర్వాత రాత్రి ట్యూబులైటు వేసి, అదే చోట, అదే కాగితంతో చూడండి. పొద్దున పసుపు తిరిగిన గోడ రాత్రికి చల్లగా, పాలిపోయినట్టు మారితే హాస్పిటల్ వాసన గోడది కాదు, లైటుది. దాని సంగతి తర్వాత చెప్తాను.

గోడ పసుపు తిరిగిన పిస్తా అయితే షీటు మీగడ రంగులో తీసుకోండి, నీలం తిరిగినదైతే పూర్తిగా తెల్లబడని పాల రంగులో. రెండింటికీ మల్లెపువ్వులా మెరిసే తెలుపు మాత్రం వద్దు. ఆ మెరుపు కోసం బట్టకి ఒక రసాయనం పట్టిస్తారు. అది ఎండలో ఉన్న కనిపించని కిరణాలను పీల్చి నీలం వెలుతురుగా వదులుతుంది. అందుకే ఆ తెలుపు మామూలు తెలుపు కంటే కూడా తెల్లగా ఉంటుంది. దాని పక్కన కొన్నేళ్ల నాటి పెయింటు మాసిపోయినట్టు కనిపిస్తుంది. విశాఖ గాలి తేమకి గోడల కింద చెమ్మ మరకలుంటే వాటిని కూడా వేలెత్తి చూపిస్తుంది. గోడని మనం మార్చలేం. కనీసం దాన్ని మురికిగా చూపించే రంగు పక్కన పెట్టకూడదు.

షీటు పూర్తిగా ప్లెయిన్‌గా వద్దు, సన్నటి నేవీ బ్లూ ప్రింటో గీతలో ఉన్నది చూడండి. మీ నేవీ కర్టెన్లు ఇప్పుడు గదిలో ఏ వస్తువుతోనూ సంబంధం లేకుండా వేలాడుతున్నాయి. మంచం మీద కూడా అదే నీలం కాస్త కనిపించిందంటే కర్టెన్ కావాలని పెట్టినట్టు ఉంటుంది. షీటులో నూటికి ఎనభై పాళ్లు లేత నేల, మిగతా నీలం ఉంటే చాలు.

ప్రింటు సైజులో ఒక చిక్కు ఉంది, ఇది చాలామందికి షాపులో తట్టదు. మరీ చిన్న చుక్కలు, దగ్గర దగ్గర పువ్వులు చేతిలో పట్టుకుంటే ముద్దుగా ఉంటాయి. గుమ్మం దగ్గర్నుంచి చూస్తే ఆ నీలం, తెలుపు కలిసిపోయి బూడిదలాంటి ఒకే రంగు అయిపోతాయి. ఎరుపు, పచ్చ కలిసిన చిన్న ప్రింటైతే మట్టి రంగు తిరుగుతుంది. మీ గది గుమ్మం నుంచి మంచం మధ్య వరకు ఏడెనిమిది అడుగులుంటుంది కదా. షాపులో షీటుని మడత విప్పి బల్ల మీద పరచమని, మూడు నాలుగు అడుగులు వెనక్కి కాదు, ఎనిమిది అడుగులు వెనక్కి జరిగి చూడండి. అప్పుడు కూడా పువ్వు పువ్వుగా, గీత గీతగా కనిపిస్తే తీసుకోండి. మరోవైపు అరచేతికి మించిన పెద్ద పువ్వులు పది బై పదకొండు గదిలో గందరగోళంగా ఉంటాయి. నా చేతిలో బాగా నిలిచింది రూపాయి బిళ్ల నుంచి నిమ్మకాయ మధ్యలో ఉన్న సైజు, పువ్వుకీ పువ్వుకీ మధ్య మూడు వేళ్ల ఖాళీ.

ఇక గలీబులు. గది నిజంగా మారేది ఇక్కడే. మీ మంచం బ్రౌన్ అన్నారు. బ్రౌన్ అంటే ముదురెక్కిన నారింజ రంగే. నారింజ పెయింటులో నలుపు కలుపుతూ పోతే బ్రౌన్ వస్తుంది. కాబట్టి మంచానికి వరసైన రంగులు ఇటుక రంగు, పండిన సపోటా గుజ్జు రంగు, ఎండిన మామిడి తాండ్ర రంగు. రెండు గలీబులు ప్లెయిన్ ఇటుక రంగులో తీసుకోండి. మెరూన్ వద్దని చెప్పి ఎరుపు కలిసిన ఇటుక రంగు ఎందుకంటున్నానంటే, తేడా అంతా వైశాల్యంలోనూ ఘాటులోనూ ఉంది. ఒక్కో దిండు పదిహేడు అంగుళాల వెడల్పు, ఇరవై ఏడు పొడవు. రెండూ కలిపి ఆరున్నర చదరపు అడుగులకి లోపే, అంటే మంచంలో ఐదో వంతు. ఆ మాత్రం వెచ్చని రంగు మీగడ షీటు మీద ఉంటే గోడ పచ్చ హాయిగా కనిపిస్తుంది, ఘాటుగా కాదు. ఇటుక రంగులో కాస్త నారింజ, కాస్త బూడిద కలిసి ఉంటాయి కాబట్టి మెరూన్‌లా కొట్టొచ్చినట్టు ఉండదు.

దిండ్లు పెట్టే వరస కూడా చెప్తాను. షీటుతో పాటు వచ్చిన లేత రంగు గలీబుల దిండ్లు తలవైపు చెక్కకి ఆనించి నిలబెట్టండి. వాటి ముందు ఇటుక రంగువి. ఇటుక రంగు నేరుగా బ్రౌన్ చెక్కకి ఆనితే అందులో కలిసిపోయి మాయమవుతుంది. మధ్యలో లేత దిండు అడ్డముంటే చుట్టూ గట్టు కట్టినట్టు నిండుగా కనబడుతుంది. కాళ్లవైపు మీ ఇంట్లో ఉన్న నీలం కప్పుకునే దుప్పటి ఏదైనా మూడు మడతలు వేసి అడ్డంగా పరచండి. కొత్తది కొనక్కర్లేదు.

ఇటుక రంగు రెడీమేడ్ గలీబులు దొరక్కపోతే మ్యాచింగ్ సెంటర్‌లో కాటన్ గుడ్డ తీసుకుని కుట్టించండి. నలభై నాలుగు అంగుళాల పన్నా గుడ్డ మీటరు ముప్పావు చాలు, రెండు గలీబులు వస్తాయి. లెక్క ఇదీ: గలీబు ఇరవై ఎనిమిది అంగుళాలు, వెనక్కి మడిచి ఇంకో ఇరవై ఎనిమిది, దిండు బయటికి జారకుండా లోపలికి దూర్చే మడత ఆరు, అంచు కుట్లకి రెండు, మొత్తం అరవై నాలుగు. అడ్డంగా ఒక్కోదానికి ఇరవై చొప్పున పన్నాలో రెండూ పక్కపక్కనే వచ్చేస్తాయి. మిగిలిన నాలుగైదు అంగుళాల పొడవు గుడ్డ కుంచించుకుపోవడానికి. కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయడం మాత్రం మర్చిపోవద్దు. టైలర్లు తొందరలో ఈ పని వదిలేస్తారు. మొదటి ఉతుకుకే దిండు పట్టక అంచులు చిట్లిపోతాయి.

షాపుకి ఎలా వెళ్లాలో చెప్తాను. గోడని ఫోన్‌లో ఫోటో తీసుకెళ్లి మ్యాచ్ చేయకండి. ఫోన్ తనకి తోచినట్టు తెలుపుని సరిచేసుకుంటుంది, పిస్తా ఒక ఫోటోలో నీలంగా, ఇంకో ఫోటోలో పసుపుగా వస్తుంది. పెయింట్ షాపులో షేడ్ కార్డు అడిగి తెచ్చుకుని, పగటి వెలుతురులో గోడకి ఆనించి, కలిసిన ముక్క మీద పెన్నుతో టిక్కు పెట్టుకోండి. ఆ కార్డు, కర్టెన్ కట్టే తాడు, ఈ రెండూ బ్యాగులో వేసుకెళ్లండి. చీరకి జాకెట్టు ముక్క తెచ్చేటప్పుడు మనం ఏం చేస్తాం? మ్యాచింగ్ సెంటర్ వాళ్ల లైట్లని నమ్మక, చీర చెంగు పట్టుకుని గుమ్మం బయటికొచ్చి ఎండలో చూస్తాం. షీటుకీ అంతే. షాపు లైటులో కలిసిన రెండు రంగులు ఇంటి లైటులో విడిపోవడం మామూలే, ఎందుకంటే వాటిలో వాడిన రంగుమందులు వేరు, ఒక్కో వెలుతురుని ఒక్కోలా తిప్పికొడతాయి. పూర్ణా మార్కెట్ వైపు ఇరుకు షాపులకి వెళ్లేటట్టయితే చీకటి పడకముందే వెళ్లండి.

సైజు దగ్గర కూడా మోసపోవద్దు. డబుల్ షీటని ఇచ్చేవి ఎక్కువగా తొంభై బై వంద అంగుళాలు. పరుపు ఆరు అంగుళాల మందముంటే చక్కగా సరిపోతుంది. ఎనిమిదుంటే కాళ్లవైపు, తలవైపు మూడేసి అంగుళాలే మిగిలి, రాత్రి కాస్త అటు ఇటు పొర్లగానే లేచిపోతుంది. అలాంటి పరుపుకి నూట ఎనిమిది బై నూట ఎనిమిది అడగండి. ఎంత మంచి రంగైనా ముడతలు పడి, పరుపు మూల బయటికి కనిపిస్తే తేటదనం ఎక్కడుంటుంది? గుడ్డ పూర్తి కాటన్ అయి ఉండాలి. మెరుస్తూ జారుతూ చవగ్గా వచ్చే పాలిస్టర్ షీట్ల మీద రంగు బాగా వెలిగినా, మన ఊరి ఉక్కపోతలో వీపుకి అతుక్కుంటాయి.

ఇప్పుడు లైటు సంగతి. మీ ట్యూబు డబ్బా మీద కూల్ డేలైట్ అనో, 6500 కెల్విన్ అనో ఉండి ఉంటుంది. ఆ వెలుతురులో నీలం పాలు ఎక్కువ. పిస్తాని పాలిపోయినట్టు చూపిస్తుంది, మీగడ రంగుని చప్పగా, ఇటుక రంగుని దుమ్ముపట్టినట్టు చూపిస్తుంది. మీ మూడు వేలల్లో రెండు వందలో మూడు వందలో పక్కన పెట్టి, మంచం పక్కన 3000 కెల్విన్ వార్మ్ వైట్ ఎల్ఈడీ బల్బు ఒకటి పెట్టండి. ట్యూబు తీసేయక్కర్లేదు, చదువుకోవడానికి, గది తుడవడానికి ఉంచుకోండి. సాయంత్రాలు బల్బు వేసుకుంటే చాలు. ట్యూబునే మార్చుకునే వీలుంటే 4000 కెల్విన్ న్యూట్రల్ వైట్ తీసుకోండి. అద్దె ఇంట్లో పెయింట్ మార్చనివ్వని ఓనర్లు కూడా బల్బు మార్చుకుంటే ఏమీ అనరు.

ఒక ఉదాహరణ చెప్తాను, అక్కయ్యపాలెంలో మీలాంటి గదే. గోడ పిస్తా, మంచం ముదురు బ్రౌన్, మెరూన్ షీటు. ఆవిడ రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునేవారు, అందుకే కర్టెన్లు ముదురువి. నేను మీగడ రంగు మీద నీలం ఆకుల షీటు చూపిస్తే, "ఇది మాసిపోతుందండీ" అని వెనకాడారు. ఆ భయం నిజమే. మాసేది షీటు మధ్యలో కాదు, తలపెట్టే చోట. కొబ్బరినూనె, చెమట గలీబుకే పడతాయి. తలకింద పెట్టుకునే దిండ్లకి ఇటుక రంగు గలీబులు వేసి, లేతవి కేవలం వెనక నిలబెట్టమన్నాను. ఇంటికెళ్లి పరిచాక ఫోన్ చేశారు, "గోడకి కొత్త రంగు వేశారా అని మా అత్తగారు అడిగారు" అని. గోడ అదే గోడ. కానీ నెల తర్వాత మళ్లీ వచ్చారు, మీగడ షీటు పసుపెక్కిందని. చూస్తే వాళ్లది బోరు నీళ్ల బిల్డింగు, నీళ్లలో ఇనుము ఎక్కువ. అలాంటి నీళ్లలో బ్లీచింగ్ వేస్తే మరక తగ్గకపోగా ఇంకా తుప్పు రంగు తిరుగుతుంది. షీటు వరకు మున్సిపల్ కుళాయి నీళ్లతో ఉతకమన్నాను. మీ బిల్డింగులో నీళ్లు ఏవో కనుక్కోండి. బకెట్ అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంటే మీగడ, పాల రంగులు కాకుండా గంధం రంగు నేల ఉన్న షీటు తీసుకోండి. కొంచెం తేట తగ్గినా నాలుగు ఉతుకులయ్యాక కూడా అదే రంగులో ఉంటుంది.

ఇటుక రంగు గలీబులు వేసే ముందు తడి తెల్ల చేతిరుమాలుతో గుడ్డ మీద పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి. రుమాలుకి రంగంటితే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా చల్లటి నీళ్లలో, జాడించిన నీళ్లు తేటపడేదాకా ఉతకండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో అనుకుంటాం. ఉప్పు పనికొచ్చేది అద్దేటప్పుడే. ఇంటికొచ్చాక గుడ్డకి పట్టని రంగు ఎలాగూ పోవాల్సిందే, నీళ్లతో జాడిస్తేనే త్వరగా పోతుంది. ఆరేసేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పి, నీడపట్టున వేయండి. డాబా మీద నిట్టనిలువు ఎండలో వారం వారం ఆరేస్తే ఇటుక రంగు ఒక వేసవిలోనే వెలిసి గులాబీ తిరుగుతుంది. మీగడ షీటు మీద కూరలో వేసే పసుపు మరక పడిందంటే మాత్రం ఎండే మందు. సబ్బు తగలగానే మరక ఎర్రబడుతుంది, కంగారుపడకండి. జాడించి ఎండలో వేస్తే రెండు మూడు పూటల్లో వెలిసిపోతుంది.

ఇప్పుడే రెండు సెట్లు కొనేయకండి. ఒక షీటు, ఇటుక రంగు గలీబుల జత, ఒక బల్బు, మొదట ఇంతే. మిగిలిన డబ్బు దాచుకుని, పొద్దునా రాత్రీ గది ఎలా ఉంటోందో ఒక నెల చూడండి. రెండో షీటు కొనేటప్పుడు ఆ ఇటుక గలీబు ఒకటి బ్యాగులో వేసుకెళ్లి, దానికి పక్కన పెట్టి చూసి తీసుకోండి. లేత నీలిబూడిద నేల మీద తెల్లగీతల షీటైనా, గంధం రంగు నేల మీద నేవీ గళ్లదైనా ఆ గలీబులతో కలుస్తుంది, అప్పుడు దిండ్లకి మళ్లీ డబ్బు పెట్టే పనుండదు.